ఆ చిన్న పసుపు ముఖం

గత రంజాన్ నెలలో నా చెల్లెలి ఇంట జరిగిన ఒక చిన్న విషయాన్ని, ఆ ఇంటివారి అనుమతితోనే, ఇక్కడ ప్రస్తావిస్తున్నాను. చూడటానికి అది స్వల్పమైనదే. కానీ దాని మూలంగా ఒక తండ్రీ కూతుళ్ళు పదకొండు రోజులపాటు మాట్లాడుకోలేదు. అందులోనూ తండ్రికి తన కూతురు అలిగిన సంగతే తెలియదు.

మా బావగారు దమ్మామ్‌లో పని చేస్తారు. కూతురు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతూ హాస్టల్‌లో ఉంటుంది. ఆదివారాలలో మాత్రమే ఫోను ఆమె చేతికి వస్తుంది. అలా వచ్చిన ఒక ఆదివారం ఆమెకూ తండ్రికీ మధ్య వాట్సాప్‌లో నడిచిన సంభాషణ ఇది. వారు రాసుకున్నది ఉర్దూలో, ఇంగ్లీషు అక్షరాలతో. నేను దానిని తెలుగులో ఇస్తున్నాను. గుర్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్లే.

కూతురు: అబ్బా, పండుగకు వస్తున్నారా? టికెట్ తీశారా?

తండ్రి: ఈసారి సెలవు కుదరలేదు బేటీ. బక్రీదుకు చూద్దాం 🙂

కూతురు: సరే

తండ్రి: 👍

అంతే. ఆ తరువాత అమ్మాయి మౌనం వహించింది. మరుసటి ఆదివారం తండ్రి పంపిన సలామ్‌కు జవాబు రాలేదు. పరీక్షలు దగ్గర పడ్డాయి, చదువులో మునిగి ఉంటుందని ఆయన అనుకున్నారు. పండుగ సెలవులకు ఇంటికి వచ్చిన అమ్మాయి తల్లితో మాత్రం, “అబ్బాకు నేను నవ్వులాటగా ఉన్నాను అమ్మీ. రావడం లేదని చెప్పి నవ్వారు. నేను సరే అంటే, ఇక చాలు పొమ్మన్నట్లు బొటనవేలు చూపారు” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. చెల్లెలు ఆ సంభాషణను మూడుసార్లు చదివింది. ఆమెకు అందులో ఎక్కడా ఎగతాళి కనబడలేదు. ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. నేనూ చదివాను. నాకూ కనబడలేదు. మేమిద్దరం యాభై దాటినవాళ్ళం మరి!

అప్పుడు అమ్మాయిని కూర్చోబెట్టి, ఈ గుర్తులను తాను ఎలా చదువుతుందో చెప్పమన్నాను. నలభై మంది పిల్లలకు పాఠం చెప్పే నేను ఆ పూట శిష్యుడినయ్యాను. ఆమె చెప్పిన దానిలో ఒక క్రమం ఉన్నది.

ముందుగా ఆమె రెండు ముఖాలను పక్కపక్కన పెట్టి చూపింది: 🙂, 😊. నా కళ్ళజోడుకు ఆ రెండూ ఒకటే. ఆమె వాటిని వేళ్ళతో పెద్దవి చేసి చూపింది. రెండవ దానిలో కళ్ళు వంపు తిరిగి ఉన్నాయి, బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. మొదటి దానిలో పెదవి మాత్రమే కొంచెం వంగింది. కళ్ళు రెండు చుక్కల్లా కదలకుండా ఉన్నాయి. “మామూ, మనిషి నిజంగా నవ్వితే కళ్ళు కూడా నవ్వుతాయి కదా! ఇది కోపాన్ని పళ్ళ బిగువున పట్టి నవ్వడం” అన్నది. ఆ గుర్తుకు యూనికోడ్ జాబితాలో ఉన్న అధికారిక నామానికి అర్థం ‘కొంచెం నవ్వుతున్న ముఖం’. 2014లో అది ఆ జాబితాలో చేరింది. ‘కొంచెం’ అన్న ఆ మాటలోనే చిక్కంతా ఉన్నది. పెద్దలకు కొంచెం నవ్వడమంటే మర్యాద, హుందాతనం. అట్టహాసం మన ఇళ్ళలో పెద్దలకు తగదు గదా! కానీ పిల్లల దృష్టిలో ఎదుట మనసారా నవ్వే ముఖాలు ఇన్ని ఉండగా ఏరికోరి ఈ కొంచెపు నవ్వును ఎంచుకోవడమంటే, పూర్తి నవ్వును బిగబట్టుకోవడమే.

ఆమె చెప్పిన రెండవ మాట నన్ను మరింత ఆలోచింపజేసింది. పిల్లలు తమలో తాము రాసుకునేటప్పుడు వాక్యం చివర చుక్క పెట్టరు. పంపడంతోనే వాక్యం ముగిసింది, ఇక చుక్క దేనికి? కనుక ఎవరైనా ప్రత్యేకంగా ఒక గుర్తు పెట్టారంటే, దానిని పని గట్టుకొని పెట్టారని అర్థం. ఏదో చెప్పదలచి పెట్టారన్నమాట. అటువంటప్పుడు ‘రావడం లేదు’ అనే చేదు మాట పక్కన నవ్వు ముఖం కనబడితే, మాట ఒక దిక్కు, ముఖం ఒక దిక్కు లాగుతాయి. ఆ రెండింటికీ పొత్తు కుదరాలంటే వారికి తోచే అర్థం ఒక్కటే: వెటకారం. అదే నవ్వు ‘రేపు వస్తున్నాను’ అనే మాట పక్కన ఉన్నట్లయితే తనకు ఏ అనుమానమూ కలిగేది కాదని అమ్మాయే ఒప్పుకున్నది. అంటే తప్పు గుర్తులో లేదు. అది నిలబడిన చోటులో ఉన్నది.

పెద్దలు నేర్చిన రాత వేరు. మేము ఉత్తరాలు రాసిన తరం. నా చిన్నతనంలో మా నాన్నగారికి రాసే కార్డు సలామ్‌తో మొదలై, ఇంటిల్లిపాది క్షేమసమాచారాలు దాటి, దుఆ కోరుతూ ముగిసేది. విషయం రెండు వాక్యాలే అయినా ముందూ వెనుకా మర్యాద ఉండవలసిందే. అది లేని ఉత్తరం టెలిగ్రామ్ లాంటిది, చేతికి రాగానే గుండె దడదడలాడేది. ఫోనులో వేళ్ళతో అంత మర్యాద రాయడం మావంటి వారికి కష్టం. అందుచేత ఆ మర్యాదనంతటినీ ఒక పసుపు ముఖం మీద వేసి పంపుతున్నాము. మా బావగారి నవ్వు ‘నీ తండ్రి దుఆలతో’ అన్న ముగింపుకు బదులు వచ్చినది. కూతురు దానిని విషయంలో భాగంగా చదివింది. ఆయన దానిని సంతకంగా పెట్టారు.

ఈ ముఖాలు పుట్టిన తీరు కూడా ఆయన వాడుకనే బలపరుస్తున్నది. 1982 సెప్టెంబరులో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్ ఫాల్‌మన్ అనే ఆచార్యుడు, కంప్యూటరు సందేశాలలో పరిహాసమేదో, నిజమేదో తెలియక సహోద్యోగులు పొరబడుతున్నారని, పరిహాసపు మాట పక్కన :-) అనే గుర్తు పెట్టమని సూచించాడు. 1999లో జపాన్‌లో డొకోమో అనే టెలిఫోను సంస్థ కోసం షిగెతాకా కురితా మరికొందరితో కలసి 176 బొమ్మలు తయారు చేశాడు. జపనీ భాషలో ‘ఎ’ అంటే బొమ్మ, ‘మొజి’ అంటే అక్షరం. అపార్థం తొలగించడానికి వచ్చిన వస్తువు ఇప్పుడు అపార్థానికి మూలమైనది.

అమ్మాయి బాధలో సగం ఆ బొటనవేలిది కూడా. 👍 పెద్దలకు ‘శభాష్’. మా బావగారి మనసులోని మాట, ‘అలగకుండా ఒప్పుకున్నావు, నా బంగారు తల్లివి’ అని. పిల్లలకు అది తలుపు మూసిన చప్పుడు. రెండు మాటలు రాయడానికి కూడా తీరిక లేనివాడు వేలు చూపి వెళ్ళిపోయినట్లు. స్నేహితుల మధ్య వాదం పెరిగినప్పుడు ‘ఇక నీతో మాట అనవసరం’ అనడానికి వారు దానినే పంపుకుంటారట.

ఇక్కడ కెనడాలోని ఒక న్యాయస్థానం మాట చెప్పాలి. 2021 మార్చిలో సస్కాచువాన్ రాష్ట్రంలో ధాన్యం కొనే సంస్థ ఒకటి, అవిసె గింజల ఒప్పంద పత్రాన్ని ఫోటో తీసి ఒక రైతుకు పంపి, ధ్రువీకరించమని కోరింది. రైతు 👍 పంపాడు. నవంబరు వచ్చింది, ధర పెరిగింది, గింజలు మాత్రం రాలేదు. పత్రం అందిందని చెప్పడానికే వేలు పెట్టాననీ, ఒప్పుకున్నట్లు కాదనీ రైతు వాదించాడు. 2023లో న్యాయమూర్తి ఆ వేలు అంగీకారమేనని తీర్పు చెప్పి, దాదాపు 82 వేల కెనడా డాలర్లు చెల్లించమన్నాడు. న్యాయమూర్తి గమనించిన వాటిలో ఒకటి, అదే రైతు అంతకుముందు అదే సంస్థతో చేసిన వ్యవహారాలు. అప్పట్లో ‘సరే’ వంటి ఒకటి రెండు పొడి మాటలతోనే అతడు ఒప్పందాలు ఖాయపరిచి, సరుకు కూడా చేరవేశాడు. అంటే గుర్తుకు అర్థం వెదకడానికి ఆయన నిఘంటువు ఒక్కటే చాలనుకోలేదు. ఆ మనిషి పాత అలవాటును కూడా చూశాడు.

ఈ పద్ధతి మాకు మదరసాలో కొత్తది కాదు. హదీసు ఉల్లేఖకుల విశ్వసనీయతను తూచే శాస్త్రంలో ప్రతి విద్యార్థికీ ఒక హెచ్చరిక చేస్తాము: ఒకే మాట ఇద్దరు ఇమాముల నోట ఒకే తూకం కాదు. ఇమామ్ యహ్యా బిన్ మయీన్ (రహ్మతుల్లాహి అలైహ్) ఒక ఉల్లేఖకుని గురించి ‘లా బఅస బిహీ’ అంటే, అనగా ‘అతనితో ఇబ్బంది లేదు’ అంటే, ఇతరుల వాడుకలో అది మధ్యరకపు మెప్పు. ఆయన వాడుకలో మాత్రం ‘నమ్మదగినవాడు’ అనే అర్థం. ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహ్) ‘ఫీహి నజర్’ అంటే, ‘అతని విషయంలో చూడవలసినది ఉన్నది’ అన్న మెత్తని మాటలా వినిపిస్తుంది. కానీ ఆ మహనీయుని నోట అది చాలా కఠినమైన విమర్శ అని హదీసువేత్తలు వివరించారు. నోట కటువు మాట రానివ్వని ఆయన శైలి తెలియని విద్యార్థి అక్కడ బోల్తా పడతాడు. ఫిఖహ్‌లో కూడా మూగవాని సంజ్ఞను నోటిమాటతో సమానంగా స్వీకరిస్తాము గానీ, ఒక షరతు ఉన్నది: అది అతనికి అలవాటైన, ఎదుటివారికి తెలిసిన సంజ్ఞ అయి ఉండాలి.

అదే దారిలో నేను అమ్మాయిని ఒక పని చేయమన్నాను. తండ్రి పంపిన పాత సందేశాలను వెనక్కి జరుపుతూ, 🙂 ఎక్కడెక్కడ ఉన్నదో చూసి చదవమన్నాను. అయిష్టంగానే మొదలుపెట్టింది.

“ఫీజు పంపాను 🙂”

“దాదా ఆపరేషన్ బాగా జరిగింది, దుఆ చెయ్యి 🙂”

“నీ మార్కులు చూశాను, గణితంలో తగ్గాయి 🙂”

“ఈ రోజు ఇక్కడ 48 డిగ్రీల ఎండ 🙂”

చివరి దాని దగ్గర అమ్మాయికి నవ్వు ఆగలేదు. నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో నిలబడి ఎవరి మీద వెటకారం చేస్తారు? మంచికీ చెడుకీ, డబ్బుకీ ఎండకీ ఆయన పెట్టినది ఒకే ముఖం. అది ఆయన ముద్ర. అర్థం మారుతూ ఉన్నట్లయితే, అంటే సంతోషంలో 😊, కోపంలో 🙂 పెట్టే అలవాటు ఆయనకు ఉన్నట్లయితే, అప్పుడు అమ్మాయి అనుమానానికి ఆధారం ఉండేది.

దీనికొక చిన్న కారణం కూడా కనిపెట్టాము. వాట్సాప్‌లో గుర్తుల పలక తెరిస్తే, మనం ఇటీవల వాడినవే ముందు వరుసలో కనబడతాయి. బావగారి ఫోనులో ఆ వరుసలో మొదట ఉండేది 🙂. ఒకసారి వాడినది మళ్ళీ ముందే కనబడుతుంది, కనబడినది మళ్ళీ వాడతారు. వందల ముఖాలలో ఏరుకున్నారని కూతురు అనుకున్నది. ఆయన చేతికి అందినది నొక్కారు.

అయితే ఈ తూకం ఒకవైపే పెడితే అన్యాయమవుతుంది. పిల్లలు పంపేవి పెద్దలకు ఇంతకన్నా గాయం చేస్తాయి. కొన్నాళ్ళ క్రితం మా చెల్లెలి అత్తగారు, తాను పెళ్ళినాడు కొత్త చెప్పులు తారుమారు చేసుకొని అత్తవారింట అడుగుపెట్టిన కథను వాయిస్ మెసేజ్‌గా కుటుంబ గ్రూపులో పెట్టారు. మనుమరాలు జవాబుగా 💀 పెట్టింది. ఆ పెద్దావిడ పుర్రెను చూసి గుండెలు బాదుకున్నంత పని చేశారు. ‘నా చావు కోరుతున్నదా ఈ పిల్ల?’ అని రెండు రోజులు ఎవరితోనూ చెప్పుకోలేక మధనపడ్డారు. పిల్ల ఉద్దేశం ‘నవ్వలేక చచ్చిపోయాను దాదీ’ అని. మన తెలుగులోనూ ‘నవ్వలేక చచ్చాం’ అంటాము. ఉర్దూలోనూ ఆ వాడుక ఉన్నది. మాటగా చెవిన పడితే ఎవరికీ బాధ లేదు. బొమ్మగా కంటబడేసరికి శవం గుర్తుకు వస్తున్నది.

కన్నీళ్ళ సంగతి మరీ విచిత్రం. 😂 అనే ముఖాన్ని 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువారు ఆ సంవత్సరపు ‘మాట’గా ఎంపిక చేశారు. అంతటి ప్రసిద్ధి పొందినది ఈనాటి పిల్లలకు వెలిసిన సరుకు. అది ‘పెద్దవాళ్ళ నవ్వు’ అంటారు. వారు పడిపడి నవ్వడానికి 😭 పెడతారు, అనగా బిగ్గరగా ఏడ్చే ముఖం. పెద్దలలో కొందరు మరోవైపు పొరబడతారు: కళ్ళజోడు లేకుండా 😂లో వారికి కన్నీళ్ళు మాత్రమే కనబడతాయి. మా వీధిలో ఒక పెద్దమనిషి, మరణవార్త కింద ‘ఇన్నాలిల్లాహి’ రాసి పక్కన మూడు 😂 పెట్టారు. ఆయన నిజంగా దుఃఖించినవారే. మృతుని కొడుకులు పాతికేళ్ళలోపు వారు, నెలరోజులు ఆయన సలామ్‌కు ముభావంగా జవాబిచ్చారు. ఎవరో ఒకరు ఆయనకు ఫోను పెద్దది చేసి చూపించి ఉండవలసినది. ఆయనకు నేటికీ తెలుసో లేదో.

దుఆ విషయంలో మాత్రం రెండు తరాలకూ ఒక మేలు జరిగింది. 🙏 చేతులు జోడించిన గుర్తు. జపానువారు దానిని ధన్యవాదానికీ విన్నపానికీ వాడతారు. మనలో కొందరు దుఆ అనుకొని పంపితే, మరికొందరు ‘నమస్కారం ఎందుకు పెట్టావు?’ అని నొచ్చుకునేవారు. 2017లో 🤲, అరచేతులు పైకి చాచిన గుర్తు, జాబితాలో చేరాక ఆ గొడవ మా గ్రూపులో సద్దుమణిగింది.

ఇంతా చెప్పి, పిల్లలు పంపే ప్రతి గుర్తూ అమాయకమని నేను అనను. తల్లి ‘గది సర్దావా?’ అని అడిగితే మాట లేకుండా ఒక్క 👍 పడేసే పిల్లవాడికి, అది స్నేహితుల మధ్య ఏ అర్థమిస్తుందో బాగా తెలుసు. తల్లికి తెలియదని కూడా తెలుసు. ఆ చాటు వెటకారాన్ని పట్టుకోవడానికి నేను ఒకటే చూస్తాను: తన స్నేహితుడికి అదే సందర్భంలో అదే గుర్తు పంపుతాడా? పంపితే పోట్లాట అవుతుందని వాడే ఒప్పుకుంటే, తల్లికి పంపినది కూడా పోట్లాటే. పిల్లలందరిదీ ఒకే చదువు అనుకోవడమూ సరికాదు. మా పెద్ద తరగతిలో అడిగితే, 🙂 వెటకారమని చెప్పినవారు ఎక్కువమందే గానీ, పల్లెల నుంచి వచ్చి ఫోను కొత్తగా పట్టినవారు అందులో మా బావగారి నవ్వునే చూశారు. వయసుతోపాటు ఎవరితో ఎన్నేళ్ళుగా రాసుకుంటున్నారన్నది కూడా చూడాలి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంవారు 2016లో ప్రచురించిన పరిశోధనలో, ఒకే బొమ్మను చూసినవారు కూడా అది మంచి భావమా, చెడు భావమా, రెండూ కాదా అన్న విషయంలో సుమారు 25 శాతం సందర్భాలలో ఏకీభవించలేదు.

సరే, ఆ తండ్రీ కూతుళ్ళ సంగతి. ఆ సాయంత్రం ఇఫ్తార్ అయిన తరువాత ఆమె తండ్రికి ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను. అబ్బా, మీరు నవ్వారని కోపం వచ్చిందని చెప్పింది. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తరువాత ఆయన, “రావడం లేదని ఉత్త మాట రాస్తే నీ మనసు చిన్నబోతుందని ఆ నవ్వు పెట్టాను తల్లీ. అది రాసేటప్పుడు నేను నవ్వుతూ లేను” అన్నారు. చెడు వార్త చెప్పేటప్పుడు ఏ గుర్తూ పెట్టకుండా, మనసులో ఉన్నది ఒక వాక్యం రాయమని అమ్మాయి ఆయనకు చెప్పింది. రాయడం కష్టమైతే వాయిస్ పంపమన్నది. ఆయన ఒప్పుకున్నారు. తానూ దాదీకి పుర్రెలు పంపనని మాట ఇచ్చింది.

బక్రీదుకు మూడు వారాల ముందు ఆయన సందేశం వచ్చింది: “సెలవు మంజూరైంది. టికెట్ తీశాను 🙂”

అమ్మాయి సంతోషం పట్టలేక 😭😭😭 పంపింది. నిమిషంలోపే దమ్మామ్ నుంచి ఫోను మోగింది. “ఎందుకు ఏడుస్తున్నావు బేటీ? ఏమైంది?”